ఇటుక బరువు ఏ దారిన దిగుతుంది?

(హన్మకొండలో సుతారి మేస్త్రీలు, సైట్ సూపర్‌వైజర్లు, సెంట్రింగ్ పనివాళ్ల ముందు చేసిన ప్రసంగ పాఠం. వక్త ఇరవై ఏళ్లకు పైగా వరంగల్ చుట్టుపక్కల ఇళ్లు, అపార్ట్‌మెంట్ల పనుల్లో మేస్త్రీగా, ఆ తర్వాత సూపర్‌వైజర్‌గా ఉన్నారు.)

అందరికీ నమస్కారం. ఆదివారం ఒక్కపూట దొరికితే ఇంట్లో ఉండాలనిపిస్తుంది, అయినా ఇంతమంది వచ్చారు. మాల్ మోసే అక్కలు కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. నాకు అదే ఎక్కువ సంతోషం. పరంజా మీద ఎక్కువసార్లు ఎక్కి దిగేది వాళ్లే, దాని గురించి వాళ్లను ఎవరూ ఏమీ అడగరు.

పరంజా అనండి, గోవా అనండి, అది కట్టడం మీకు నేను నేర్పక్కర్లేదు. ఇక్కడున్న వాళ్లలో సగం మంది చేతులకు నా చేతుల కంటే ఎక్కువ పని తెలుసు. నేను మాట్లాడేది కట్టడం అయిపోయిన తర్వాత సంగతి. కట్టారు, చెక్కలు పరిచారు, పొద్దున ఎనిమిదైంది, మనుషులు ఎక్కాలి, ఇటుక ఎక్కాలి. ఎక్కే ముందు ఉండే ఆ పది నిమిషాల్లో ఏం చూడాలన్నదే ఇవాళ్టి మాట. అన్నీ చెప్పను. ఒక్క ఇటుకను పట్టుకుని, దాని బరువు పైనుంచి నేల దాకా ఏ దారిన దిగుతుందో చూసుకుంటూ పోదాం. ఆ దారిలో బలహీనమైన చోటు ఎక్కడుంటే పరంజా అక్కడే పడుతుంది.

ముందు నా సైట్‌లో జరిగినది చెబుతాను. కాజీపేట వైపు, కింద ఒకటి, పైన రెండు అంతస్తుల ఇల్లు. వానాకాలం. రెండో అంతస్తు బయటి గోడ ఇటుక కట్టుబడి నడుస్తోంది. స్టీలు పైపుల పరంజా, రెండు వరుసల కాళ్లు. గోడ పొడవునా ఆరు అడుగులకు ఒక కాలు, వెడల్పు నాలుగు అడుగులు. సూపర్‌వైజర్‌ని నేనే. ముందు రాత్రి గట్టి వాన పడింది. పొద్దున వచ్చి చూశాను, అంతా నిలబడే ఉంది. గ్రీన్ నెట్ కట్టి ఉంది కాబట్టి కాళ్ల అడుగు భాగం సరిగా కనబడలేదు, నేను నెట్ ఎత్తి చూడలేదు. పదకొండు గంటలకు పైనుంచి మేస్త్రీ, "అన్నా, చెక్క కొంచెం వాలుతున్నట్టుంది" అన్నాడు. ఈ వరుస అయిపోగానే చూద్దాం అన్నాను. ఆ వరుస అవలేదు. గోడ పక్క కాలు ఒకటి కుంగి, చెక్క జారి, ఇటుకలతో పాటు ఒక అక్క కింద పడింది. తొడ ఎముక విరిగింది. ఆమె మళ్లీ తట్ట ఎత్తలేదు. ఆ "చూద్దాం" అన్న మాట నాది. అందుకే ఇవాళ ఇక్కడ నిలబడ్డాను.

ఆ రోజు సాయంత్రం నేను ఒక్కణ్నే కూర్చుని లెక్క వేశాను. అదే లెక్క మీ ముందు వేస్తాను.

రెండు కాళ్ల మధ్య ఒక గడి తీసుకోండి. పొడవు ఆరు అడుగులు, వెడల్పు నాలుగు, అంటే ఇరవై నాలుగు చదరపు అడుగులు. ఆ గడి మీద ఎంత బరువు పెట్టొచ్చు? అమెరికా పరంజా నిబంధనల్లో మూడు తరగతులున్నాయి. మన కొలతల్లోకి మారిస్తే చదరపు అడుగుకు సుమారు 11 కిలోలు తేలికపాటిది, 22 కిలోలు మధ్యరకం, 34 కిలోలు భారీది. గిలాబుకు, రంగుకు మొదటిది సరిపోతుంది. ఇటుక కట్టుబడికి కనీసం రెండోది ఉండాలి. మధ్యరకం అనుకుంటే 24ని 22తో హెచ్చించండి, 528 కిలోలు. అంత బరువుకు తగ్గట్టు కట్టిన గడి అయితేనే ఈ 528. మన కట్టు సరిగా లేకపోతే ఆ అంకె మనది కాదు.

ఇప్పుడు ఖర్చు రాయండి. ఇద్దరు మేస్త్రీలు, ఒక హెల్పర్, మనిషికి డెబ్బై కిలోలు వేసుకుంటే 210. మాల్ నాలుగు తట్టలు, తట్టకు ఇరవై కిలోలు, 80. మొత్తం 290 అయింది. మిగిలింది 238. ఎర్ర ఇటుక ఒకటి సుమారు మూడు కిలోలు. అంటే 79 ఇటుకలు. వాన పీల్చుకున్న ఇటుక ఇంకా బరువు ఉంటుంది కాబట్టి నేనైతే 70 దగ్గర ఆపుతాను.

మా సైట్‌లో ఆ రోజు ఆ గడి మీద ఎన్ని ఉన్నాయో తర్వాత ఏరి లెక్కపెట్టాం. నూట ఎనభై. ఇటుకలే 540 కిలోలు. మనుషులు, మాల్ కలిపితే 830. మధ్యాహ్నం దాకా మళ్లీ ఎత్తే పని ఉండకూడదని పొద్దునే ఎత్తేశారు. అది వాళ్ల తప్పు అని నేను అనను. మెట్ల మీద నూట ఎనభై ఇటుకలు మోసిన మనిషికి, కొన్ని కిందికి దించమని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఎత్తక ముందే అంకె చెప్పాలి. నా సైట్‌లో ఇప్పుడు ప్రతి గడి దగ్గర గోడ మీద బొగ్గుతో రాస్తాను: "70 ఇటుక, 3 మనుషులు". చదవడం రాని వాళ్లకు నోటితో చెబుతాను.

బరువు మొదట పడేది చెక్క మీద. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే చాలామందికి తెలియని సంగతి ఇక్కడుంది. అదే చెక్క, అదే ఇటుకలు. పొడవునా సమంగా పరిస్తే చెక్క ఒక మేర వంగుతుంది. ఆ ఇటుకలన్నీ నట్టనడుమ కుప్ప పోస్తే చెక్క మీద పడే వంపు బలం రెండింతలవుతుంది. బరువు ఒక్క కిలో కూడా పెరగలేదు, చోటు మారింది, అంతే. మనం కుప్ప ఎక్కడ పోస్తాం? సరిగ్గా నడుమే, మేస్త్రీ చేతికి అందాలని. కుప్ప కాళ్ల దగ్గర పెట్టించండి. కింద అడ్డ పైపు ఉన్న చోట పెట్టించండి. మేస్త్రీ రెండు అడుగులు నడవాల్సి వస్తుంది, నడవనివ్వండి.

చెక్క మందం సంగతి కూడా ఇలాగే మోసం చేస్తుంది. అంగుళం మందం చెక్క, రెండు అంగుళాల చెక్కలో సగం బలం ఉంటుందని అనుకుంటాం. సగం కాదు, పావు వంతే. మందం సగమైతే బలం పావుకు పడిపోతుంది. సెంట్రింగ్‌కు వాడిన అంగుళం చెక్కలు ఖాళీగా ఉన్నాయని పరంజా మీద పరిచే అలవాటు మన దగ్గర ఉంది. వాటి మీద మేకు రంధ్రాలు, ఎండిన కాంక్రీటు, చివర చీలికలు. వాటిని పరంజా మీదికి రానివ్వకండి. ఒకటిన్నర అంగుళాల చెక్క అయితే ఆధారానికి ఆధారానికి మధ్య ఐదు అడుగులు దాటకూడదు. మన గడి ఆరు అడుగులు కాబట్టి నడుమ ఇంకో అడ్డ పైపు పడాల్సిందే. మా సైట్‌లో ఆ నడిమి అడ్డ పైపు లేదు.

చెక్కను ఎలా చూడాలి? రెండు వైపులా తిప్పి చూడండి. ముడి ఉందా, ఉంటే అంచులో ఉందా, పొడవునా చీలిక ఉందా చూడండి. తర్వాత నేల మీదే రెండు ఇటుకల మీద పెట్టి, నెమ్మదిగా ఎక్కి నిలబడండి. దాని మీద గెంతకండి. గెంతితే లోపల పగిలి, పైకి కనబడకుండా ఉండిపోతుంది. అలాంటి చెక్క మరుసటి రోజు వేరే మనిషి కింద విరుగుతుంది. చివర్లు అడ్డ పైపు దాటి కనీసం అర అడుగు ఉండాలి, అడుగు దాటకూడదు. ఎక్కువ బయటికి ఉంటే ఆ చివర అడుగు వేసిన మనిషి కింద చెక్క తక్కెడలా లేస్తుంది. చివర్లు తాడుతోనో తీగతోనో కట్టేయండి.

చెక్క నుంచి బరువు అడ్డ పైపుకు, అడ్డ పైపు నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి కాలికి పోతుంది. క్లాంపు దగ్గర మనం పట్టించుకోం. మంచి రైట్ యాంగిల్ క్లాంపు సరిగా బిగిస్తే సుమారు 600 కిలోల దాకా జారకుండా నిలబడుతుంది. సరిగా బిగిస్తే. సరిగా అంటే ఎంత? పానా పొడవు పావు మీటరు, అంటే పది అంగుళాలు ఉంటే, దాని చివర ఇరవై కిలోల బలంతో నొక్కాలి. ఒక మాల్ తట్టను ఎత్తినంత బలం. తేలిగ్గా తిప్పి వదిలేస్తే ఆ 600 ఎక్కడో పోతుంది. అలాగని పానాకు పైపు తొడిగి బలంగా తిప్పితే బోల్ట్ మర సాగిపోతుంది, అదీ పనికిరాదు. స్వివెల్ క్లాంపు, అంటే తిరిగేది, ఏటవాలు దన్నుకు వాడాలి. చెక్క బరువు మోసే చోట దాన్ని వాడకూడదు. తుప్పు పట్టి బోల్ట్ తిరగని క్లాంపును పక్కన పడేయండి. తిరగట్లేదంటే బిగిసింది అనుకోవద్దు, తుప్పు పట్టుకుంది అనుకోండి.

ఇప్పుడు పైపు. ఇది మీకు చూపించడానికే బయట తూకం యంత్రం పెట్టించాను. పరంజా పైపు బయటి వ్యాసం 48 మిల్లీమీటర్ల పైచిలుకు. అన్నీ బయటికి ఒకేలా కనబడతాయి. లోపల గోడ మందం వేరు. 3.2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆరు మీటర్ల పైపు 21 కిలోలు తూగుతుంది. రెండు మిల్లీమీటర్లదైతే 14 కిలోల లోపే. అద్దెకు తెచ్చినప్పుడు కలిసి వచ్చేస్తాయి, రంగు వేసి ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. ఒక్కసారి తూచండి. తూకం యంత్రం లేకపోతే పైపు చివర చూడండి. మందం రెండు మిల్లీమీటర్ల దగ్గరే ఉంటే అది కాలికి పనికిరాదు, రెయిలింగ్‌కు వాడుకోండి. తర్వాత వంపు చూడండి. సమంగా ఉన్న నేల మీద పైపును దొర్లించండి. నేరుగా ఉంటే సాఫీగా పోతుంది. వంగితే ఎగిరెగిరి పోతుంది. వంగిన పైపు కాలిగా నిలబెడితే, బరువు పడగానే అది వంగిన వైపే ఇంకా వంగుతుంది. స్టీలులో మరో గుణం ఉంది. కాలు వంగడం మొదలైతే ఆగి చెప్పి వంగదు, ఒక్క దెబ్బకు పోతుంది. రెండు ముక్కలు వెల్డింగ్ చేసి అతికించిన పైపును కూడా కాలికి వాడకండి.

ఒక మాట అడిగారు ముందు వరుస నుంచి: "బొంగులు వాడొద్దంటారా?" అలా నేను అనను.

మన ఊళ్లలో ఒక అంతస్తు ఇంటికి బొంగులతోనే కడతారు. మన ఏటూరునాగారం అడవుల వైపు సాధనపు వెదురు దొరుకుతుంది. దాని లోపలి డొల్ల తక్కువ, కొన్నింటికి దాదాపు ఉండదు, గోడ మందంగా ఉంటుంది. కాళ్లకు అది మంచిది. బొంగు మంచిదా కాదా అనేది వయసును బట్టి ఉంటుంది. మూడు నాలుగేళ్లు నిండిన బొంగు కావాలి. లేత బొంగు పచ్చగా, నున్నగా, చూడటానికి అందంగా ఉంటుంది. ఎండిన కొద్దీ అది కుంచించుకుపోతుంది, దాంతో కట్టు వదులవుతుంది. వాడక ముందు బొంగును రాయి మీద కొట్టి వినండి. గట్టిగా ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే లోపల పుచ్చిందేమో చూడండి. బొంగు పక్కన నేల మీద సన్నని పిండిలాంటి పొడి రాలి ఉంటే పురుగు తింటోందని అర్థం. పైన చిన్న చిన్న సూది రంధ్రాలు కనబడతాయి. అలాంటి బొంగు రెయిలింగ్‌కు కూడా వద్దు, పొయ్యిలోకి పంపండి. పొడవునా ఒక కణుపు దాటి చీలిన బొంగు కాలికి పనికిరాదు.

కట్టు గురించి ఒక్క మాట. అడ్డ బొంగు కణుపు మీద కూర్చునేలా కట్టండి, తాడు కిందికి జారకుండా కణుపు పట్టుకుంటుంది. కణుపుల మధ్య నున్నటి చోట కడితే మెల్లగా జారుతుంది, అది ఒక్కరోజులో తెలియదు. కాలును పొడిగించేటప్పుడు ఐదారు అడుగులు ఒకదాని పక్కన ఒకటి వచ్చేలా పెట్టి, మూడు చోట్ల కట్టండి. కొబ్బరి తాడుతో, సుతిలితో ఉన్న చిక్కు వానాకాలంలో బయటపడుతుంది. తాడు తడిస్తే ఉబ్బి బిగుసుకుంటుంది, చూస్తే చాలా గట్టిగా ఉన్నట్టుంటుంది. రెండు రోజులు ఎండ కాయగానే తాడూ బొంగూ రెండూ తగ్గి కట్టు వదులవుతుంది. కాబట్టి వాన పడిన రోజు ఒకసారి చూస్తే చాలదు. వాన తర్వాత ఎండ కాసిన రోజు మళ్లీ చూడాలి. ప్రతి కట్టును చేత్తో పట్టి కుదపండి. వేలు దూరితే విప్పి మళ్లీ కట్టండి. పైన ఇంకో చుట్టు చుట్టి వదిలేయకండి, లోపలి చుట్టు వదులుగానే ఉంటుంది.

బొంగుకు ఒక మంచి గుణం ఉంది. విరిగే ముందు చాలాసార్లు కిర్రుమంటుంది, చిటపటమంటుంది. పైన ఉన్నవాళ్లు ఆ చప్పుడు విని దిగిపోయిన సందర్భాలు నేను చూశాను. దాని మీద భరోసా పెట్టుకోమని చెప్పట్లేదు. చప్పుడు వినబడితే పని ఆపి దిగండి, కారణం తర్వాత వెతకొచ్చు. ఇంకోటి. పైపులు తక్కువ పడ్డాయని నడుమ బొంగులు కలిపి కట్టే పని చేయకండి. నున్నటి పైపు మీద తాడు జారుతుంది, బొంగును క్లాంపు నలిపేస్తుంది. రెండింటికీ న్యాయం జరగదు. రెండు మూడు అంతస్తుల ఇటుక పనికి, బరువు ఎక్కువ పడే పనికి నేను పైపులే వాడతాను. ఒక్క అంతస్తు గిలాబుకు మంచి బొంగు, మంచి కట్టు చాలు.

ఇక బరువు కాలి వెంట దిగి నేలకు వచ్చింది. మా సైట్‌లో పోయింది ఇక్కడే.

830 కిలోల గడి పక్కన ఇంకో గడి ఉంటుంది. నడిమి కాలు రెండు వైపులా ఉన్న గడుల బరువులో తన వాటా మోస్తుంది. పరంజా సొంత బరువు, చెక్కలు, పైపులు కలిపితే ఆ కాలి మీద ఆ రోజు సుమారు 500 కిలోలు. పైపు అంచు ఒక ఉంగరం లాంటిది కదా, ఆ ఉంగరం వైశాల్యం నాలుగున్నర చదరపు సెంటీమీటర్లు. బేస్ ప్లేట్ లేకుండా పైపును నేల మీద నేరుగా పెడితే, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 110 కిలోలు పడుతుంది. మనిషి రెండు కాళ్ల మీద నిలబడితే నేల మీద పడేది ఇరవయ్యో వంతు కాదు, నూరో వంతు కూడా కాదు, దానిలో ఐదారు వందల్లో ఒక్క వంతు. తడి నేలలో మన కాలే దిగబడుతుంది, మరి పైపు ఎందుకు దిగబడదు?

ఆరు అంగుళాల చదరపు బేస్ ప్లేట్ పెడితే ఆ 110 కాస్తా రెండు కిలోల చిల్లరకు వస్తుంది. దాని కింద తొమ్మిది అంగుళాల వెడల్పు, రెండు అడుగుల పొడవు, రెండు అంగుళాల మందం ఉన్న గట్టి చెక్క వేస్తే అర కిలోకు లోపు వస్తుంది. అంటే మనిషి పాదం పెట్టే ఒత్తిడికి రెండింతల దాకా. అది తడి నేల కూడా చాలావరకు మోయగలదు. ఒక్క చెక్క ముక్క చేసే పని అది. ప్లేట్ కింద ఇటుక ముక్క పెట్టి ఎత్తు సరి చేసే అలవాటు ఉంది, మానేయండి. బరువు పడగానే ఇటుక పగులుతుంది, కాలు ఒక్కసారి రెండు మూడు అంగుళాలు పడుతుంది.

మా దగ్గర ప్లేట్ ఉంది. కింద చెక్క లేదు. ఇంకో సంగతి నాకు ఆ సాయంత్రం దాకా తట్టలేదు. గోడ పక్క కాళ్లు ఎక్కడ నిలబడ్డాయి? పునాది తవ్విన కందకాన్ని తర్వాత పూడ్చిన మట్టి మీద. ఇల్లు కట్టే ప్రతిచోటా గోడ పక్కన రెండు మూడు అడుగులు పూడ్చిన మట్టే. దాన్ని పొరలు పొరలుగా నీళ్లు పోసి దిమ్మిస కొట్టిన సైట్లు నేను తక్కువ చూశాను. బయటి వరుస కాళ్లు గట్టి నేల మీద, లోపలి వరుస కాళ్లు మెత్తటి మట్టి మీద ఉంటాయి. మేస్త్రీ నిలబడేది, మాల్ పెట్టేది గోడ పక్కనే. ఎక్కువ బరువున్న కాలు, మెత్తటి నేల, ఒకే చోట కలిశాయి. దానికి తోడు సన్‌షేడ్ మీద నుంచి పడిన వాన నీళ్లు సరిగ్గా ఆ పూడ్చిన మట్టిలోకే దిగాయి. నల్లరేగడి నేల అయితే ఇంకా చెప్పక్కర్లేదు, తడిస్తే వెన్నలా అవుతుంది.

నేల మోస్తుందా లేదా ఎలా తెలుస్తుంది? తడి మట్టిలో బొటనవేలు గట్టిగా నొక్కండి. కొద్దిగా గుంట పడి ఆగితే చెక్క వేసి నిలబెట్టొచ్చు. వేలు తేలిగ్గా రెండు అంగుళాలు దిగిపోతే అక్కడ కాలు వద్దు. మట్టి తీసి మొరం వేసి కొట్టించండి, లేదా కందకం దాటేలా పొడవైన దుంగ అడ్డంగా వేసి దాని మీద కాలు నిలపండి. ఒక కడ్డీతో గుచ్చి చూడటం ఇంకా మంచిది. పైన గట్టిగా ఉండి లోపల బోలుగా ఉన్నచోటు కడ్డీకి దొరుకుతుంది. సెప్టిక్ ట్యాంక్, డ్రైనేజీ పైపు కోసం తవ్విన చోట్లు మేస్త్రీకే తెలుస్తాయి, ఆయన్ను అడగండి.

కాలు కుంగిందో లేదో పొద్దున ఎలా చూడాలి? నేను చేసే పని చెబుతాను, ఖర్చు లేదు. పరంజా కట్టిన రోజు, ఖాళీగా ఉన్నప్పుడే, అడ్డ పైపు గోడను తాకే ఎత్తులో గోడ మీద ఎర్రటి గీత గీస్తాను. ప్రతి గడి దగ్గర ఒక గీత. పొద్దున ఎక్కే ముందు పైపూ గీతా ఒకటిగా ఉన్నాయా చూస్తాను. అర అంగుళం తేడా వచ్చినా ఎవరినీ ఎక్కనివ్వను. ఆ రోజు మా గోడ మీద గీత ఉండి ఉంటే, పదకొండు గంటల దాకా ఆగక్కర్లేదు. బయటి వరుస కాళ్ల కోసం లెవెల్ పైపు వాడండి. గోడ వరుసలకు పట్టే ఆ నీళ్ల పైపే పరంజాకు కూడా పట్టండి. ఇంకా ఒక గుర్తుంది. కుంగిన కాలి చుట్టూ మట్టి ఉంగరంలా పైకి ఉబ్బి ఉంటుంది. కొన్నిసార్లు ఆ కాలి ప్లేట్ కిందే సందు కనబడుతుంది, కాగితం దూర్చితే దూరుతుంది. కింద నేల కుంగితే దాని బరువు పక్క కాళ్ల మీద పడి, ఆ కాలు గాల్లో వేలాడుతూ ఉంటుంది. ఇవన్నీ నెట్ ఎత్తితేనే కనబడతాయి.

(సభలో నుంచి ఒక తమ్ముడు: "సార్, గిరక పరంజాకే కడతాం కదా, దానికి లెక్క ఏంది?")

మంచి ప్రశ్న, నేను మర్చిపోయేవాణ్ని. యాభై కిలోల మాల్ బకెట్ గిరకతో లాగుతున్నారు. గిరక కట్టిన బొంగు మీద ఎంత పడుతుంది? యాభై అంటారు అందరూ. వంద పడుతుంది, తమ్ముడూ. ఒకవైపు బకెట్ యాభైతో లాగుతుంది, ఇంకోవైపు కింద నిలబడి లాగే నువ్వు యాభైతో లాగుతున్నావు, రెండూ గిరక మీదే. జెర్క్ ఇచ్చి లాగితే ఇంకా ఎక్కువ. పైగా గిరక కాలి వరుస దాటి బయటికి ఉంటుంది కాబట్టి, పరంజాను గోడ నుంచి బయటికి లాగుతుంది. గిరకను వీలైతే స్లాబ్ మీద నుంచి వేరుగా కట్టండి. పరంజాకే కట్టాల్సి వస్తే, ఆ చోట పరంజాను గోడకు కట్టిన కట్టు తప్పకుండా ఉండాలి.

గోడకు కట్టే కట్టు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పరంజా వెడల్పుకు నాలుగింతల ఎత్తు దాటితే అది తనంతట తాను నిలబడదు. మన నాలుగు అడుగుల వెడల్పుకు పదహారు అడుగుల ఎత్తు. అది దాటకముందే కిటికీ లోపలి నుంచి అడ్డ పైపు వేసి గోడకు పట్టించాలి. కిటికీ ఫ్రేమ్‌కు కట్టకండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వచ్చే గాలిదుమారం మీకు తెలుసు. గ్రీన్ నెట్ కట్టిన పరంజాకు ఆ గాలి తెరచాపకు తగిలినట్టు తగులుతుంది. గిలాబు వాళ్లు వచ్చి, కట్టు అడ్డం వస్తోందని ఒకటి తీసేస్తారు. తీసేసిన చోట వెంటనే పక్కన ఇంకోటి వేయించే బాధ్యత సూపర్‌వైజర్‌దే. గాలివాన వెళ్లాక మొదట చూడాల్సినవి ఈ కట్లే.

(ఒక అక్క: "అయ్యా, ఎక్కొద్దని మేం చెబితే కూలి ఇస్తారా?")

అక్కా, ఇది నిజమైన ప్రశ్న. నేను దీనికి మొత్తం జవాబు చెప్పలేను. చట్టం ఉంది. 1996లో భవన నిర్మాణ కార్మికుల కోసం కేంద్ర చట్టం వచ్చింది, పది మంది లేదా అంతకు మించి పని చేసే సైట్లకు వర్తించేది, పరంజా భద్రత దాని నియమాల్లో ఉండేది. 2025 నవంబరులో దాని చోట కొత్త కార్మిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. కానీ సొంతిల్లు కట్టుకునే చిన్న సైట్లలో పొద్దున మాట్లాడాల్సింది మేస్త్రీ, సూపర్‌వైజర్. అందుకే నేను ఇక్కడున్న మేస్త్రీలను ఒక్కటి అడుగుతున్నాను. కాలు కుంగి సరి చేసుకునేదాకా గంట ఆగితే, ఆ గంట కూలి కట్ చేయకండి. కట్ చేస్తే రేపటి నుంచి ఎవరూ వాలుతోందని చెప్పరు. మా సైట్‌లో మేస్త్రీ ఆ రోజు చెప్పాడు, వినంది నేను. చెప్పే మనిషి కూడా లేకపోతే ఇంకేం మిగులుతుంది?

సరే, బయటికి వెళ్దాం. నిన్న మూడు సైట్ల నుంచి తెచ్చిన పైపులు పది ఉన్నాయి, అన్నీ ఆరు మీటర్లవే, ఒకే రంగు. ఎన్ని 21 కిలోలు తూగుతాయో మీరే వేసి చూడండి. పక్కనే రెండు చెక్కలు కూడా పెట్టించాను, అంగుళానిది ఒకటి, రెండు అంగుళాలది ఒకటి. ముప్పై ఇటుకలు నడుమ పెట్టి ఒకసారి, చివర్లకు జరిపి ఒకసారి, ఎంత వంగిందో స్కేలుతో కొలవండి.